నాయన డయాలసిస్, నోయిడా ప్రమోషన్: కాదని ఎలా రాయాలి?

ప్రశ్న: రేణిగుంట దగ్గర ఒక ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో క్వాలిటీ సీనియర్ ఇంజనీరుగా ఆరేళ్లుగా చేస్తున్నాను. మా కంపెనీ నోయిడా ప్లాంటులో కొత్త లైను పెడుతోంది. నన్ను అసిస్టెంట్ మేనేజరుగా అక్కడికి రమ్మని ఆఫర్ మెయిల్ వచ్చింది. గతేడాది ఇక్కడ సోల్డర్ పేస్ట్ తనిఖీ నేనే సెట్ చేశాను, అందుకని మా మేనేజరే నా పేరు చెప్పారు. శనివారం లోపల జవాబివ్వాలి. కానీ మా నాయనకు సోమ, బుధ, శుక్రవారాలు తిరుపతిలో డయాలసిస్. పొద్దున స్లాటుకు తీసుకెళ్లేది నేనే, ఆ మూడు రోజులు రెండో షిఫ్టు అడిగి చేస్తున్నాను. తమ్ముడు బెంగళూరులో ఉంటాడు. నేను వెళ్లలేను. కాదంటే 'వీడికి ఎదగాలని లేదు' అనుకుంటారేమో, పేరు చెప్పిన మేనేజరు నొచ్చుకుంటారేమో అని టెన్షన్‌గా ఉంది. మెయిల్ ఎలా రాయాలి?

జవాబు:

మీ ప్రశ్న చదవగానే 2004లో నేను రాసిన ఉత్తరం ఒకటి గుర్తొచ్చింది. అప్పుడు నేను చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పర్సనల్ సెక్షన్ అసిస్టెంటును. యజమానులకు కృష్ణగిరిలో ఇంకో యూనిట్ ఉండేది. సెక్షన్ ఇన్‌ఛార్జిగా అక్కడికి వెళ్లమన్నారు. ఇంట్లో రెండో కాన్పు దగ్గరపడింది, అమ్మ మోకాళ్ల నొప్పులతో మంచం దిగడం లేదు. వెళ్లలేనని ఆ మాటే రాస్తే సరిపోయేది. మొహమాటం అడ్డొచ్చింది. 'తమరు నాపై ఉంచిన నమ్మకానికి శతకోటి వందనాలు, అయితే అంత పెద్ద బాధ్యతకు నేను ఇంకా తగినవాణ్ణి కాను' అని రాసి, ఎంత వినయంగా రాశానో అని మురిసిపోయాను కూడా.

రెండేళ్లకు చిత్తూరు యూనిట్‌లోనే ఇన్‌ఛార్జి సీటు ఖాళీ అయింది. ఎవరూ నన్ను పిలవలేదు. నేనే వెళ్లి అడిగితే జనరల్ మేనేజరు నా ఫైలు తెప్పించి, ఆ కాగితం బల్ల మీద పెట్టి, 'తగనని నువ్వే కదయ్యా రాసిచ్చింది' అన్నారు. నాకు నోట మాట రాలేదు. ఆయన చేసిందల్లా నేను రాసింది నమ్మడమే.

తర్వాత నేనూ బల్లకు అవతలి పక్కకు మారాను. రేణిగుంటలో, శ్రీసిటీలో హెచ్‌ఆర్ సీట్లలో కూర్చుని ఇలాంటి మెయిళ్లు చాలా చదివాను. 'ఎదగాలని లేదు' అనే ముద్ర, కాదన్నందుకు పడడం నేను చూసింది తక్కువ. కాదన్న తీరుకు పడడమే ఎక్కువ. మనవాళ్లు నొప్పించకూడదని తమను తామే తక్కువ చేసుకుంటారు, లేదా స్పష్టంగా చెప్పకుండా సాగదీస్తారు. రెండూ ఫైల్లో ఉండిపోతాయి.

మెయిల్‌కు ముందు ఒక పని చేయండి. మీ అపాయింట్‌మెంట్ లెటర్ తీసి బదిలీ గురించి ఏం రాశారో చూడండి. కంపెనీ మిమ్మల్ని తన ఏ యూనిట్‌కైనా బదిలీ చేయవచ్చు అనే వాక్యం మన చుట్టుపక్కల ఫ్యాక్టరీల లెటర్లలో మామూలుగా ఉంటుంది. మీకు వచ్చింది ఆఫర్. 'సమ్మతి తెలపండి' అని గడువు పెట్టి అడిగారు కాబట్టి కాదనే హక్కు మీకుంది. అదే రేపు 'ఫలానా తేదీన రిపోర్ట్ చేయండి' అని బదిలీ ఉత్తర్వు వస్తే లెక్క మారిపోతుంది. దాన్ని కాదనడం మాట వినకపోవడం కిందకు వస్తుంది. అప్పుడు రాయాల్సింది తిరస్కారం కాదు, ఉత్తర్వు మార్చమని కారణాలతో విన్నపం. అందుకే గడువు దాటనివ్వకూడదు. జవాబు రాకపోతే కొన్నిచోట్ల దాన్ని అంగీకారంగా తీసుకుని ఉత్తర్వు తయారుచేసేస్తారు. నా చేతుల మీదుగానే అలా రెండు వెళ్లాయి.

ఇప్పుడు మీ మేనేజరు సంగతి. మీ పేరు చెప్పారంటే ఆయన నోయిడా వాళ్లకు ఒక మాట ఇచ్చారు. మీరు కాదంటే ఆ మాట పోతుంది, ఆయన మళ్లీ వాళ్లకు ఫోన్ చేసి ఇంకో పేరు చెప్పుకోవాలి. ఆయనకు కలిగే ఇబ్బంది అది. మీ మీద కోపం వచ్చినా ముందు దానివల్లే వస్తుంది. కాబట్టి మీ కృతజ్ఞత ఆ ఇబ్బందిని కొంచెమైనా తగ్గించేలా ఉండాలి. ఎన్ని ధన్యవాదాలు రాసినా అది తగ్గదు.

దానికి మీరు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: నోయిడాలో ఆ సీటు దేనికి పెట్టారు? మీరు రాసినదాన్ని బట్టి అక్కడ లైను కొత్తది. బోర్డు మీద భాగాలు అతికించే లైన్లలో లోపాలు ఎక్కువగా పేస్ట్ వేసే దశలోనే పుడతాయని మీకు నేను చెప్పక్కర్లేదు. పేస్ట్ మందం తగ్గినా, పక్కకు జరిగినా, స్టెన్సిల్ సరిగా తుడవకపోయినా, తనిఖీలో అక్కడే పట్టుకోకపోతే ఆ లోపం ఓవెన్ దాటాక గాని బయటపడదు. అప్పటికి బోర్డు తయారైపోయి ఉంటుంది. మీరు ఆ తనిఖీని ఇక్కడ గాడిలో పెట్టారు. నోయిడాకు కావాల్సింది మీకంటే ముందు ఆ పద్ధతి. మనిషి వెళ్లలేకపోయినా పద్ధతిని పంపవచ్చు. మీ మెయిల్‌కు ప్రాణం అక్కడుంది.

ఏం పంపగలరో కాగితం మీద రాసుకోండి. మీరు రాసినంతలో నాకు రెండు కనిపిస్తున్నాయి. మొదటిది, మీ లైనులో మీరు పెట్టిన తనిఖీ పద్ధతి మొత్తం, అంటే ఏ బోర్డుకు ఎంత మందం వరకు ఒప్పుకోవాలి, ఎన్ని ప్రింట్లకు ఒకసారి స్టెన్సిల్ తుడవాలి, మెషిన్ అలారం కొడితే ఆపరేటరు ఏం చేయాలి, ఇదంతా రాతలో పెట్టి ఇవ్వడం. చాలా ఫ్యాక్టరీల్లో ఇది ఒకరి తలలోనే ఉంటుంది. రెండోది, నోయిడా నుంచి ఇద్దరు ఇంజనీర్లను రేణిగుంటకు పంపితే మూడు వారాలు మీ పక్కన పెట్టుకుని నేర్పడం.

'అవసరమైతే నేనే ఒక వారం నోయిడా వచ్చి వెళ్తాను' అని మూడోది రాయాలనిపిస్తుంది. ఆగండి. డయాలసిస్‌కు ప్రతిసారీ దాదాపు నాలుగు గంటలు పడుతుంది. వెళ్లడం, వేచి ఉండడం, కళ్లు తిరగకుండా ఇంటికి చేర్చడం కలిపితే ఒక పూట పోతుంది. ఒక రోజు తప్పితే ఒంట్లో నీరు చేరుతుంది, ఆయాసం మొదలుకావచ్చు. మీరు లేని వారంలో మూడుసార్లు ఎవరు తీసుకెళ్తారు? తమ్ముడు సెలవు పెట్టి వస్తాడా? ముందు అతనికి ఫోన్ చేసి, ఏ నెలలో ఏ తేదీల్లో రాగలడో కనుక్కోండి. వస్తానంటే 'ముందుగా తేదీలు చెబితే ఒకసారి, ఒక వారం రాగలను' అని రాయండి. రాలేనంటే ఆ వాక్యమే వద్దు. ఆఫర్ కాదన్నవాణ్ణి మేనేజర్లు కొన్నాళ్లకు మరిచిపోతారు. వస్తానని రాసి ఆఖరి నిమిషంలో రాలేనన్నవాణ్ణి మరిచిపోరు.

ఇక మాట్లాడడం. మెయిల్ కంటే ముందు మేనేజరుకు ముఖాముఖి చెప్పాలి. మీ నిర్ణయం ఆయనకు మొదటిసారి హెచ్‌ఆర్ కాపీలోనో, నోయిడా నుంచి వచ్చిన ఫోన్‌లోనో తెలిస్తే ఎంత చక్కగా రాసినా ఉపయోగం లేదు. వాట్సాప్‌లో చెప్పకండి. పొద్దున ప్రొడక్షన్ మీటింగ్ అయిపోగానే కారిడార్‌లోనూ పట్టుకోకండి, అప్పుడు ఆయన తలలో నిన్నటి రిజెక్షన్ లెక్కలు తిరుగుతుంటాయి. 'సార్, నోయిడా విషయం మీతో ఒక పది నిమిషాలు మాట్లాడాలి, షిఫ్టు అయ్యాక వీలవుతుందా' అని అడిగి టైము తీసుకోండి.

లోపలికి వెళ్లాక మొదటి నిమిషంలోనే చెప్పేయండి. 'సార్, నా పేరు మీరు చెప్పారని తెలుసు, దానికి చాలా సంతోషంగా ఉంది. కానీ నేను వెళ్లలేను. ముందు మీకే చెప్పాలని వచ్చాను.' ఇంతే. తర్వాత నోరు కట్టుకుని ఆయన్ను మాట్లాడనివ్వండి. మనకు ఇది కష్టం. అవతలి మనిషి ఒక్క క్షణం మౌనంగా ఉంటే చాలు, నాయన రిపోర్టుల దగ్గర నుంచి అమ్మ బీపీ దాకా చెప్పుకుంటూ పోతాం. అంత చెబితే, ఏదో ఒప్పించడానికి పాట్లు పడుతున్నాడనిపిస్తుంది. మీ కారణం పెద్దదే, దానికి వకాలత్తు అక్కర్లేదు.

ఆయన రెండు మాటలు అనే అవకాశం ఉంది. ఒకటి, 'నాయన్ను కూడా అక్కడికి తీసుకెళ్లు, అక్కడ ఆసుపత్రులు లేవా?' నిజమే, ఉన్నాయి. ఈ ప్రశ్నకు జవాబు ఇంటి దగ్గరే తేల్చుకుని వెళ్లండి. కొత్త సెంటర్లో స్లాటు దొరకాలి, నాయన చేతి ఫిస్టులాకు సూదులు వేసే టెక్నీషియన్ కొత్తవాడు, డాక్టరు కొత్తవాడు, భాష రాదు, పగలంతా అమ్మ ఒక్కతే. ఇవన్నీ నిజమే గాని ఆయన ముందు ఏకరువు పెట్టకండి. ఒక్కో అడ్డంకికి ఆయన ఒక్కో పరిష్కారం చెబుతారు, పావుగంటలో మీరు వాదనలో ఉంటారు. 'అదీ ఆలోచించాం సార్. ఇంట్లో అందరం కూర్చుని, మార్చకూడదని నిర్ణయించుకున్నాం' అనండి. అయిపోయిన నిర్ణయంలా వినిపిస్తే మర్యాద తెలిసిన మనిషి ఇంకా తవ్వడు.

రెండోది, 'రెండు రోజులు ఆలోచించుకుని చెప్పు.' ఇది ఆయన మంచితనమే. కానీ సరేనని బయటికి వస్తే మీరు సగం ఒప్పుకున్నట్టు. ఆ రెండు రోజుల్లో ఆయన నోయిడాకు 'అతను ఆలోచిస్తున్నాడు' అని చెబుతారు, అప్పుడు రెండోసారి మాట పోతుంది. 'మీ టైము వృథా చేయడం నాకు ఇష్టం లేదు సార్, మీరు వేరే పేరు చూసుకోవడానికి వీలుగా ఇవాళే రాసిచ్చేస్తాను' అంటే ఆయనకూ ఊరట.

ఇప్పుడు మెయిల్. మీ ఆఫీసులో ఇంగ్లిషులోనే వెళ్తుందని తెలుసు. ముందు తెలుగులో రాసుకుంటే ఏది ముందు, ఏది వెనక అన్నది తేటగా కనిపిస్తుంది, అందుకే నేను తెలుగులో రాస్తున్నాను. తర్వాత చిన్న చిన్న వాక్యాల్లో మార్చుకోండి.

సబ్జెక్ట్: నోయిడా అసిస్టెంట్ మేనేజర్ ఆఫర్, నా జవాబు

సార్,

నోయిడా కొత్త లైనుకు అసిస్టెంట్ మేనేజరుగా నన్ను ఎంచుకున్నందుకు ధన్యవాదాలు. ఈ ఆఫర్ నేను తీసుకోలేకపోతున్నాను. ఈ సాయంత్రం మీతో చెప్పిన మాటనే ఇక్కడ రాస్తున్నాను.

మా నాయనకు వారంలో మూడు రోజులు తిరుపతిలో డయాలసిస్ జరుగుతోంది. ఆయన్ను చూసుకునే బాధ్యత నాది. ఆయన్ను వేరే ఊరికి మార్చకూడదని ఇంట్లో నిర్ణయించుకున్నాం. అందువల్ల తిరుపతి వదిలి వెళ్లే పోస్టు తీసుకోలేను. ఇది తప్ప వేరే కారణం లేదు.

గతేడాది సోల్డర్ పేస్ట్ తనిఖీ పనిని మీరు నాకు పూర్తిగా అప్పగించారు. ఈ ఆఫర్ ఆ పని వల్లే వచ్చిందని నాకు తెలుసు. నాయన డయాలసిస్ రోజుల్లో రెండో షిఫ్టు ఇచ్చి సర్దుబాటు చేసిందీ మీరే. రెండింటికీ మీకు కృతజ్ఞుణ్ణి.

నోయిడా లైనుకు ఇక్కడి నుంచి నేను చేయగలిగింది ఉంది. మన తనిఖీ పద్ధతి మొత్తం రాతలో పెట్టి ఈ నెలాఖరుకు మీకు ఇస్తాను. అక్కడి నుంచి ఇద్దరు ఇంజనీర్లను పంపితే మూడు వారాలు మన లైను మీద దగ్గరుండి నేర్పిస్తాను.

ఇంతకంటే పెద్ద బాధ్యతలు తీసుకోవాలని నాకుంది. వచ్చే అప్రైజల్ సమయానికి నా పరిస్థితి ఎలా ఉందో నేనే వచ్చి మీకు చెబుతాను.

ఇంతే. పావు పేజీ దాటి కొంచెం ఉంటుంది. ఇందులో కొన్ని మాటలు కావాలనే పెట్టాను, కొన్ని కావాలనే వదిలేశాను.

'తీసుకోలేకపోతున్నాను' అన్నది రెండో వాక్యంలోనే ఉంది. మెయిల్‌ను ఫోన్‌లో చూసేవాళ్లకు పైనున్న రెండు వాక్యాలే కనిపిస్తాయి. ఆ రెండింటిలో ధన్యవాదాలే ఉంటే, ఒప్పుకున్నారని అనుకుని 'కంగ్రాట్స్' అని జవాబు కొట్టేసిన డైరెక్టరును నేను చూశాను. తర్వాత ఆ కుర్రవాడి పాట్లు చెప్పనలవి కాదు.

'ప్రస్తుతానికి' అనే మాట నేను రాయలేదు. మనకది మర్యాదగా వినిపిస్తుంది. చదివేవాళ్లకు మాత్రం మూడు నెలలాగి మళ్లీ అడగవచ్చని వినిపిస్తుంది. కొన్నిసార్లు సీటు ఖాళీగా ఉంచి మీకోసం ఆగుతారు కూడా. ఆగిన తర్వాత కాదంటే ఇప్పటికంటే నాలుగింతలు చెడ్డ.

షిఫ్టు సర్దుబాటు సంగతి రాయమన్నది ఎందుకంటే, మీకు నిజంగా జరిగిన మేలు అదే. 'మీరు నాకు దేవుడితో సమానం' అనే మెయిళ్లు చదివి చదివి నాకు విసుగొచ్చింది, మీ మేనేజరుకూ వచ్చి ఉంటుంది. ఫలానా రోజు ఫలానా మేలు చేశారని రాస్తే అది అబద్ధం కాదని తెలుస్తుంది. పైగా మీ షిఫ్టు సర్దుబాటు ఇక ముందూ కొనసాగాలి. ఆయన దాన్ని మేలుగా చేశారని మీరు గుర్తించినట్టు రాతలో ఉండడం మంచిది. ఒకవేళ ఆ మెయిల్ పైవాళ్లకు వెళ్తే ఈ సర్దుబాటు ఆయనకు ఇబ్బంది తెస్తుందని అనిపిస్తే మాత్రం ఆ వాక్యం తీసేసి నోటితోనే చెప్పండి. మీ ప్లాంటులో అది అధికారికంగా నడుస్తోందో, ఆయన చూసీచూడనట్టు నడుపుతున్నారో మీకే తెలుసు.

'ఇదే పోస్టు రేణిగుంటలో ఇస్తే సంతోషంగా తీసుకుంటాను' అని రాయలేదు. అడగాల్సిన మాటే, కానీ ఈ మెయిల్‌లో కాదు. ఇందులో పెడితే నాయన డయాలసిస్ బేరానికి వాడుకున్నట్టు అవుతుంది. మీరు అలా అనుకోకపోయినా హెచ్‌ఆర్‌లో కూర్చున్న నాలాంటివాడు అలాగే చదువుతాడు. నోయిడా ఇంజనీర్లు వచ్చి నేర్చుకుని వెళ్లాక, మీరు చేసిన పని చేతిలో ఉన్నప్పుడు, అప్రైజల్‌లో అడగండి. అప్పుడు అది న్యాయంగా ఉంటుంది.

ఆఖరి పేరా మీద కొంచెం ఎక్కువసేపు ఆలోచించాను. ఇలాంటి మెయిళ్లలో 'ఫలానా నాటికి నేను సిద్ధం' అని గడువు ఇవ్వమని నేను మామూలుగా చెబుతాను. పిల్లాడి పదో తరగతి పరీక్షలు అడ్డమైతే మార్చి దాకా అని రాయవచ్చు, ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు గృహప్రవేశం దాకా అనవచ్చు. గడువు ఉంటే 'ఇతనికి ఎదగాలని ఉంది, ఇప్పుడు కుదరదు' అని అర్థమవుతుంది. మీ విషయంలో అలా రాయకూడదు. నాయన డయాలసిస్‌కు మీరు గడువు ఎలా పెడతారు? 'రెండేళ్ల తర్వాత వెళ్లగలను' అని రాస్తే దాని అర్థం ఏమిటో రాసిన మీకే గుచ్చుకుంటుంది. అందుకే ఎప్పుడు వెళ్లగలనని కాకుండా, ఎప్పుడు వచ్చి మాట్లాడతానని మాత్రమే రాశాను. ఆ తేదీ మీ చేతిలో ఉంది. అప్రైజల్‌కు నిజంగా వెళ్లి, 'ఇంట్లో ఇంకా అలాగే ఉంది సార్, కానీ ఇక్కడ ఫలానా పని నాకివ్వండి' అనండి. వాళ్లు అడిగేదాకా ఆగకుండా మీరే వెళ్లడం చూశాక మీకు ఆశ లేదని ఎవరంటారు?

మెడికల్ రిపోర్టులు జత చేయకండి. అడిగితే అప్పుడు ఇవ్వవచ్చు. అడగకుండా పెడితే, నమ్మరేమోనని మీకే అనుమానం ఉన్నట్టుంటుంది. ఆ ఫైలు ఎవరెవరికి ఫార్వర్డ్ అవుతుందో కూడా చెప్పలేం. నాయన క్రియాటినిన్ ఎంతో నోయిడా అకౌంట్స్ సెక్షన్‌కు తెలియాల్సిన పని లేదు.

మీకు అసలు కారణం నాయన కాకుండా జీతం అయ్యుంటే ఈ మెయిల్ పనికిరాదు. పెరిగే జీతం అక్కడి అద్దెకే సరిపోతుందని అనిపిస్తే కాదని రాయకండి, ఎంత ఇస్తే కుదురుతుందో అడగండి. ఇంటి కారణం చెప్పి, మూడు నెలలు తిరక్కుండా బెంగళూరులో వేరే కంపెనీలో చేరినవాళ్లున్నారు. ఇక్కడి ఫ్యాక్టరీల హెచ్‌ఆర్ వాళ్లందరం ఏదో ఒక పెళ్లిలో కలుస్తూనే ఉంటాం, ఇలాంటివి దాగవు. మీరు రాసింది నిజం కాబట్టి మీకు ఆ భయం లేదు.

మెయిల్ మేనేజరుకు పంపి, ఆఫర్ పంపిన హెచ్‌ఆర్ వ్యక్తికి కాపీ పెట్టండి. ఇంకెవరికీ వద్దు. నోయిడా ప్లాంటు హెడ్ మీతో ఇంటర్వ్యూలో మాట్లాడి ఉంటే ఆయనకు వేరుగా నాలుగు లైన్లు రాయండి. అందులో నాయన సంగతి 'ఇంటి బాధ్యత' అని ఒక్క మాటలో చాలు. తనిఖీ పద్ధతి రాసి పంపుతున్నానని మాత్రం తప్పకుండా చెప్పండి, ఆయనకు కావాల్సింది అదే. ఇది మీ మేనేజరుతో చెప్పి, ఆయన సరేనన్నాకే పంపండి.

ఆఫర్ హెచ్‌ఆర్ పోర్టల్‌లో కూడా ఉంటే అక్కడ 'తిరస్కరించు' నొక్కి కారణం ఎంచుకోమంటుంది. చాలామంది తొందరలో పైనున్న 'ఆసక్తి లేదు' నొక్కేస్తారు. మూడేళ్లకు మేనేజరు మారిపోతాడు, మెయిల్ ఎవరూ వెతకరు, పోర్టల్‌లో ఆ ఒక్క ముక్కే మిగులుతుంది. నా చిత్తూరు కాగితానికి ఇప్పటి రూపం అదే. 'కుటుంబ కారణాలు' ఉంటే అది ఎంచుకోండి. అలాంటిదేమీ లేకపోతే 'ఇతర' నొక్కి, ఖాళీలో 'తండ్రి వైద్యం వల్ల ఊరు మారలేను, స్థానికంగా పెద్ద బాధ్యతలకు సిద్ధం' అని టైపు చేయండి.

తర్వాత ఒక నెల కొంచెం చేదుగా ఉండవచ్చు. నోయిడా వెళ్లేది మీకంటే జూనియర్ కావచ్చు. అతనే రేపు ఫోన్ చేసి, పై హోదాలో మిమ్మల్ని లెక్కలు అడగవచ్చు. మీరు రాసిన పద్ధతి అతనికి దాచకుండా ఇవ్వండి, దాని మీద మీ పేరు, తేదీ మాత్రం ఉండాలి. మేనేజరు రెండు మూడు వారాలు ముభావంగా ఉంటే పట్టించుకోకండి. గమనించాల్సింది వేరే ఉంది. కస్టమర్ ఆడిట్ వచ్చినప్పుడు మిమ్మల్ని లోపలికి పిలుస్తున్నారా, కొత్త మోడల్ మొదలైనప్పుడు మీ పేరు జాబితాలో ఉందా చూసుకోండి. రెండు నెలలు వరుసగా లేకపోతే, 'నోయిడా వెళ్లలేదు గాని ఇక్కడి పనులన్నీ నాకు కావాలి సార్' అని నేరుగా అడగండి. చాలాసార్లు అది కోపం కాదు. ఇంటి దగ్గర భారం ఉంది కదా, ఇంకా పని ఎందుకు వేయడం అని వాళ్లే జాలిపడి తీసేస్తుంటారు. చెబితే గాని వాళ్లకు తెలియదు.

శనివారం గడువు అన్నారు కాబట్టి ఆఖరి రోజు దాకా ఆగకండి. బుధ, శుక్రవారాలు మీకు పొద్దున ఆసుపత్రి, మధ్యాహ్నం రెండో షిఫ్టు. ఆ అలసటలో ఈ మాట మాట్లాడవద్దు. గురువారం షిఫ్టు అయ్యాక మేనేజరును కలిసి, కంపెనీ బస్సు వదిలేసైనా సరే అక్కడే కూర్చుని మెయిల్ కొట్టేయండి. ఆయన రాత్రి భోజనానికి కూర్చునేలోపు అది చేరాలి. శుక్రవారం పొద్దున మీరు నాయనతో స్లాటులో ఉన్నప్పుడు నోయిడా నుంచి ఆయనకు ఫోన్ వస్తే, చెప్పడానికి ఆయన దగ్గర జవాబు ఉంటుంది, చూపించడానికి ఇద్దరు ఇంజనీర్ల ప్రతిపాదనా ఉంటుంది.